కల్యాణి రాసిన స్పాన్సర్ ఉత్తరం

మరిపెడ పక్క తండాలో బోరు చెడినా, కరెంటు పోయినా, ఎవరి పింఛనైనా ఆగినా కాగితం రాసేది కల్యాణే. పదో తరగతి నుంచీ అదే పని. ఇంట్లో మాట్లాడేది లంబాడీ, అర్జీ రాసేది మాత్రం మా తెలుగు సారుకు కూడా రాని తెలుగు. 'తమరి దివ్య సముఖమునకు' అని మొదలుపెట్టి 'చేతులు జోడించి ప్రార్థించడమైనది' అని ముగిస్తే ఏ గుమాస్తా అయినా కాగితం అందుకుంటాడని ఆమె నమ్మకం. కింద తండా అంతా సంతకాలో వేలిముద్రలో పెట్టాలి. అందరూ కలిసి పోయి ఇవ్వాలి. ఒక్కరే పోతే ఆఫీసులో మొహం చూసే దిక్కుండదని వాళ్ళ నాయిన మాన్‌సింగ్ నేర్పిన పద్ధతి అది.

మనిషి మాత్రం మహా పిరికిది. హాస్టల్లో పక్క మంచం నాదే కాబట్టి చెబుతున్నాను. బల్లికి భయం, ప్రిన్సిపాల్‌కు భయం, కండక్టరు చిల్లర ఎగ్గొడితే అడగడానికి భయం. అలాంటిదాన్ని పట్టుకుని మా కాలేజి ఫెస్టు కమిటీకి కార్యదర్శిని చేశాం. కారణం ఒక్కటే, దస్తూరి బాగుంటుంది.

తెలంగాణ కోసం జరిగిన సకల జనుల సమ్మె ముగిసి మానుకోటలో కాలేజీలు మళ్ళీ తెరిచిన చలికాలం అది. బందుల పుణ్యమా అని అంతకు ముందు రెండేళ్ళూ మా ఆడపిల్లల కాలేజిలో ఫెస్టు జరగలేదు. శనివారంలోగా ఒక్క స్పాన్సర్‌నైనా తెస్తేనే ఈసారి అనుమతి అని ప్రిన్సిపాల్ తేల్చేశాడు. కల్యాణి తనకు వచ్చిన విద్యే చూపించింది. 'మేము నిరుపేద విద్యార్థినులము. తమరు కాదనకుండా తోచినంత ఇచ్చి ఆదుకోగలరు' అని రాసి, కింద క్లాసంతటితో సంతకాలు పెట్టించింది. అందరం గుంపుగా స్టేషన్ రోడ్డులోని సెల్‌ఫోన్ల షాపుకు బయలుదేరాం.

షాపు యజమాని వెంకటరత్నం ఆంధ్రాలో గుడివాడ వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మనిషి. సమ్మె రోజుల్లో ఎవరో రాయి విసిరి ఆయన షాపు అద్దం పగలగొట్టారు. ఆ సంగతి ఊరంతటికీ తెలుసు, మాకూ తెలుసు. కానీ అంతమందిమి కలిసి పోతుంటే మేమెలా కనబడతామో ఒక్కరికీ తట్టలేదు. మేం లోపలికి రాగానే ఆయన లేచి, అద్దానికి అడ్డంగా షట్టర్ సగం దించేశాడు.

"ఎంతమ్మా? ఎంతివ్వమంటారో చెప్పండి" అంటూనే గల్లాపెట్టె లాగి, అందులో ఉన్న నోట్లన్నీ బల్ల మీద పెట్టాడు. "అద్దం మొన్ననే వేయించాను తల్లీ. దాని జోలికి మాత్రం రాకండి."

కల్యాణి కాగితం బల్ల మీద పెట్టింది. ఆయన దాని వంక చూడను కూడా లేదు. కల్యాణి ఆ నోట్ల వంక చూసింది. "వద్దు సార్" అని గొణిగి, షట్టర్ కింద నుంచి దూరి రోడ్డు మీదికి పరుగెత్తింది. ఏం జరిగిందో తెలియక మేమూ వెంట పరుగెత్తాం.

"వచ్చిన పైసలు వద్దంటవేందే?" అని మా క్లాసు మౌనిక దారి పొడుగునా తిట్టింది.

"గవి మన ఫెస్టు కోసం ఇచ్చిన పైసలు గావు. మన మందిని జూసి ఇచ్చినయి" అంది కల్యాణి.

హాస్టల్‌కు చేరాక అసలు భయం పట్టుకుంది. కాగితం షాపులోనే ఉండిపోయింది. బెదిరించి చందా వసూలు చేస్తున్నారని ఆయన పోలీసులకు చెబితే, వాళ్ళు ఎవరినీ వెతకక్కర లేదు. పేర్లన్నీ వరుసగా, ముత్యాల్లాంటి అక్షరాల్లో ఉన్నాయి. ఉద్యమం కేసుల్లో పేరు పడితే సర్కారు నౌకరి మీద ఆశ వదులుకోవాలని అప్పట్లో ప్రతి ఇంట్లోనూ చెప్పుకునేవాళ్ళు. కల్యాణి అన్నం ముట్టలేదు. రోడ్డు మీద జీపు చప్పుడైతే చాలు, కిటికీ దగ్గరికి పోయి నిలబడేది. "నా వల్లనే మీ అందరి బతుకులు ఖరాబైతయి" అని నా చేయి పట్టుకుంది.

పొద్దున్నే ఆమెను కామర్స్ మేడం సరోజన దగ్గరికి లాక్కుపోయాను. మేడం అంతా విని, అర్జీ చిత్తుప్రతి చదివింది.

"ఇందుల ఆయనకు ఏమొస్తదో ఎక్కడ రాసినవ్?"

"ఆయనకెందుకొస్తది మేడం? అడిగేది మనం గద."

"కాదనకుండ ఇయ్యిమన్నవ్. మందిని తీస్కపోయినవ్. బతిమాలుతున్ననని నువ్వనుకున్నవ్, ఆయనకది బెదిరింపు లెక్క అనిపిచ్చింది."

ఆ పూటంతా కూర్చుని ఇద్దరూ కాలేజి లెటర్‌హెడ్ మీద కొత్త ఉత్తరం తయారు చేశారు. 'నిరుపేద' పోయింది, జోడించిన చేతులు పోయాయి. 'రెండు రోజుల మా ఫెస్టుకు ఎనిమిది వందల మంది విద్యార్థినులు, వారి కుటుంబాలవారు వస్తారు. కొత్తగా ఫోను కొనేవారు వారిలో చాలామంది. పది వేల రూపాయల స్పాన్సర్‌షిప్‌కు ప్రవేశ ద్వారం పక్కన స్టాల్, వేదికపై బ్యానర్, ఆహ్వాన పత్రికలో మీ షాపు పేరు ఇస్తాము. చెక్కు కాలేజి పేరున ఇవ్వండి, రసీదు అందుతుంది.' చివరి వాక్యాలు కల్యాణి పట్టుబట్టి చేర్చింది: 'బందు వల్ల తేదీ మారితే ముందే చెబుతాము. ఫెస్టు జరగకపోతే మొత్తం తిరిగి ఇస్తాము. ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం పూర్తిగా మీ నిర్ణయం.' కింద ప్రిన్సిపాల్ సంతకం, మాట్లాడవలసిన వ్యక్తిగా కల్యాణి పేరు ఒక్కటే.

"గిట్ల రాస్తే పొగరనుకోడా మేడం?"

"ముందుగాల చదవనీ" అంది మేడం.

శుక్రవారం కల్యాణీ నేనూ ఇద్దరమే పోయాం. షాపు ఎదురుగా నిలబడి కల్యాణి చున్నీ కొసను మెలితిప్పుతూనే ఉంది. నువ్వే మాట్లాడు రాణీ అని బతిమాలింది. కార్యదర్శివి నువ్వు అని ముందుకు తోశాను. వెంకటరత్నం మా వెనక ఇంకెవరున్నారోనని రోడ్డు వైపు చూశాడు.

"మేమిద్దరమే సార్. మొన్న మందితోని వచ్చుడు తప్పైంది. గా కాగితం ఒక్కటి వాపసిస్తే…"

"అదా? ఆ రోజే పొయ్యిలో వేశానమ్మా. నా దగ్గరుండి పోలీసుల చేతికి పోతే నేనే ఇచ్చానని ఎవరైనా అంటారేమోనని భయం."

కల్యాణి గోడకు చేయి ఆనించి ఊపిరి వదిలింది. ఆ క్షణాన మా క్లాసంతా బతికి బయటపడింది. తరవాత కొత్త ఉత్తరం అందించింది. ఆయన ఈసారి కూర్చుని, కళ్ళద్దాలు పెట్టుకుని చదివాడు.

"బ్యానర్ మీద పేరు వద్దమ్మా. ఈ రోజుల్లో నా పేరు ఎక్కడా కనపడకపోతేనే మంచిది. డబ్బిస్తాను, తీసుకెళ్ళండి."

కల్యాణి తలూపేస్తుందనుకున్నాను. శనివారం రేపే.

"పేరు లేకుంటే గది చందా ఐతది సార్. చందా మేం తీస్కోం."

"మరి స్టాల్ మీద రాళ్ళు పడితే?"

"పడవని రాసియ్యలేను సార్. స్టాల్ కాడ నేను నిలబడత. గది మాత్రం రాసిస్త."

ఆయన ఉత్తరం మళ్ళీ మొదటి నుంచీ చదివాడు.

"పది ఎక్కువమ్మా" అన్నాడు చివరికి. "ఏడు చేసుకుందాం. స్టాల్ రెండు రోజులూ నాకే ఉండాలి."

"ఏడుకైతే ఒక్కరోజే సార్."

"అదేం లెక్కమ్మా? గేటుకు కుడి పక్క ఇవ్వండి, ఎనిమిదిస్తాను."

కుడి పక్కనే, ఎనిమిదికే కుదిరింది. ఆయన చెక్కు మీద కాలేజి పేరు రాస్తూ, ఫోన్ల కవర్లు కూడా అమ్ముకోవచ్చా అని అడిగాడు.

బయటికి వచ్చాక కల్యాణి పక్క షాపు మెట్ల మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. ఇంకా భయమేమోననుకుని భుజం పట్టుకున్నాను.

"రెండు వేలు తగ్గినయని ఏడుస్తున్నవానే?"

"కాదే రాణీ. మొన్న భయానికి గల్లంత తీసి నా ముందట వోసిండు. ఇయ్యాల నా తోని బేరమాడిండు."