అఖిల అడిగినవి

కెజియా అక్క గచ్చిబౌలిలో ఒక ఆసుపత్రి నర్సు. నానక్‌రామ్‌గూడలో మా ఇద్దరిదీ ఒకే గది. మంచం పట్టినవాళ్లను ఇంట్లో ఎలా చూసుకోవాలో చెబుతూ ఆమె యూట్యూబ్ ఛానల్ నడుపుతుంది. వీడియోలు కత్తిరించడం, కామెంట్లు చూడటం నా పని.

రెండు నెలలుగా కొత్త వీడియో లేదు. ఆదివారం చర్చి నుంచి వచ్చి అక్క నీరసంగా కూలబడింది.

"చెప్పాల్సిందంతా చెప్పేశానే. ఇంకో నెల చూసి మూసేద్దాం."

ఆ ఛానల్ పోతే ఈ మనిషి సగం పోతుందని నాకు తెలుసు.

"ఆగక్కా, ఏం కావాల్నో జనమే చెప్తరు," అన్నాను.

యూట్యూబ్‌లో వెతికే చోట "మంచం పట్టిన" అని కొట్టి ఆగాను. వారికి స్నానం, వారికి తిండి అంటూ కింద జాబితా దిగింది. "నాన్న ఎందుకు" అని కొడితే, "మాట్లాడటం లేదు" అని అదే పూర్తి చేసింది. పట్టపగలు, ఎదుటి టవర్ల అద్దాల ఎండ గదంతా పరుచుకుని ఉన్నా, ఎవరో చెవి దగ్గర గొణిగినట్టు ఒళ్లు జలదరించింది. అన్నీ కాగితం మీద రాసుకున్నాం.

తర్వాత పాత కామెంట్లు. ప్రశ్నలున్నవి, మేము జవాబివ్వనివి మాత్రమే కనిపించేలా పెట్టాను. కొత్తవి పైన, పాతవి కింద. అఖిల అనే పేరు పదే పదే తగిలింది. ఆమెవన్నీ ఏరి ఒకచోట పెట్టాను.

అన్నిటికంటే పైన: "నాయిన కండ్లు మూసిండు. నోరు తెరిచే ఉన్నది. ఎట్ల మూయాలె సిస్టర్?"

దాని కింద: "ఊపిరి ఆగి ఆగి వస్తున్నది. భయపడాల్నా?"

ఇంకా కింద: "పుండు వాసనొస్తున్నది. దవాఖానకు తీస్కపోవాల్నా?"

అట్టడుగున: "నాయిన నడుం కింద ఎర్రగైంది. ఏం రాయాలె?"

కిందికి జరిపేకొద్దీ చనిపోయిన మనిషి లేచి వస్తున్నాడు. ప్రతి ప్రశ్న పక్కనా, చదివి మెచ్చుకున్నట్టు, మా ఛానల్ పెట్టిన ఎర్ర గుండె గుర్తు.

"ఎవరే ఈ గుండెలు పెట్టింది?" అక్క నా వైపు తిరిగింది.

నేనే. ప్రతి ఆదివారం వరసబెట్టి నొక్కుకుంటూ పోయేదాన్ని. అలా చేస్తే ఛానల్ ఎదుగుతుందని ఎవడో చెప్పాడు. ఒక్కటీ చదవలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

అక్క కెమెరా తీసింది. ఇంకో ఇంట్లోనైనా అక్కడే ఆగాలని అట్టడుగు ప్రశ్నకే జవాబు చెప్పింది. "ఎర్రబడ్డ చోట వేలితో నొక్కి వదలండి. ఎరుపు అలాగే ఉంటే పుండు మొదలైనట్టే. రుద్దకండి. ఆ చోట బరువు పడనివ్వకండి. రెండు గంటలకోసారి మనిషిని పక్కకు తిప్పండి. డాక్టరుకు చూపించండి."

ఆ సాయంత్రమే వీడియో పెట్టి, అఖిల అడిగిన ఆ ప్రశ్న కిందే దాని లింకు ఇచ్చాం. గంటలోపే ఆమె నుంచి కామెంటు వచ్చింది.

"మంచిగ చెప్పిన్రు సిస్టర్. ఇగ ఎవరిని తిప్పాలె?"

అక్క ఫోను నా చేతిలో పెట్టింది. ఈసారి గుండె నొక్కకుండా, ఆమె రాసినవన్నీ అట్టడుగు నుంచి ఒక్కొక్కటే చదవడం మొదలుపెట్టాను.