చెన్నబసప్ప వాడకూడని జాతీయాలు

జహీరాబాద్ తహసీలు కచేరిలో గుమాస్తా చెన్నబసప్పకు ఇంట్లో కన్నడం, కాగితం మీద ఉర్దూ. నిజాం రాజ్యం పోయి తెలుగు రాష్ట్రం వచ్చాక తహసీల్దారు మదన్‌మోహన్ రెండు నెలలు గడువిచ్చి, రైతులతో తెలుగులో మాట్లాడలేకపోతే రాయికోడ్‌కు బదిలీ చేస్తానన్నాడు. భార్య మహాదేవమ్మకు ఏడో నెల. ఆమెకు మొదటి కాన్పు కష్టమైంది, దవాఖానేమో ఇక్కడే ఉంది. పాపం, అతనికి గుండెల్లో రాయి పడింది.

తెలుగు నేర్చుకోవడానికి పెట్టుకున్న పంతులు రామచందర్ మొదటిరోజే హెచ్చరించాడు. జాతీయాలు ఆవకాయ వంటివి, ముద్దకింత నంజుకోవాలి తప్ప కూరలా కలుపుకోకూడదని. చెన్నబసప్ప వింటేగా! నోటుబుక్కులో తొంభై ఎక్కించుకున్నాడు.

ఝరాసంగం రైతు ఎంకయ్య తండ్రికి జ్వరమని తెలిసి, "నాయనకు నీళ్లొదులుకున్నట్టేనా?" అని ఎంతో ఆప్యాయంగా అడిగాడు. చావు కబురు తనకన్నా ముందు కచేరికి చేరిందనుకుని ఎంకయ్య గుండెలు బాదుకుంటూ ఊరికి పరుగెత్తాడు. తండ్రి అరుగు మీద కూర్చుని జొన్నరొట్టె తింటున్నాడు.

అప్పుడైనా బుద్ధి రావాలి కదా. పుస్తకంలోని మాటలు ప్రమాదం, మనుషుల నోట విన్నవే క్షేమం అనుకున్నాడు. సంతకాలకు తహసీల్దారు ఇంటికి వెళ్లినప్పుడల్లా ఆయన తల్లి సుగుణమ్మ, "నాదేమున్నది బిడ్డా, కాటికి కాళ్లు చాపినదాన్ని" అనేది. పెద్దావిడే అంటోంది, ఇంతకన్నా మర్యాద ఏముంటుంది? వారం తిరక్కుండా, ఆ ఇంటి వరండాలో నలుగురు పెద్దమనుషుల ముందు దండం పెట్టి తహసీల్దారునే అడిగాడు.

"కాటికి కాళ్లు చాపిన అమ్మగారు మంచిగున్నరా సార్?"

అక్కడికక్కడే బదిలీ కాగితం తయారైంది. సంతకం పడేలోపు సుగుణమ్మ కర్ర పట్టుకుని బయటికొచ్చింది.

"నన్ను నేనంటే ముచ్చట. నువ్వంటే తిట్టు. గంతే తేడా," అంది. ఆ కాగితం పక్కన పెట్టమని కొడుక్కి చెప్పి, రోజూ సాయంత్రం నోటుబుక్కు తెమ్మని చెన్నబసప్పను ఆజ్ఞాపించింది.

మరునాటి నుంచి విచారణే విచారణ. ఒక్కో జాతీయాన్ని ఎవరు, ఎవరితో, ఏ వేళ అంటారో నిలదీసి, పనికిరానివి కొట్టేయించేది. చావువి పోయాయి. కొంపలు కూలేవి పోయాయి. రెండు మాత్రం అరవై ఏళ్లు నిండాక వాడుకొమ్మని పక్కన రాయించింది. చివరికి పదకొండు మిగిలాయి. అవైనా రోజుకొకటి మించొద్దంది.

గడువు ముగిసే పొద్దున చెన్నబసప్ప దవాఖాన నుంచి రొప్పుతూ వచ్చాడు. సుగుణమ్మ, తహసీల్దారు ఇద్దరూ వరండాలోనే ఉన్నారు. నోరు తెరిచాడు. పదకొండులో ఒక్కటీ గుర్తుకు రాలేదు.

"ఆడపిల్ల అమ్మా. తల్లీబిడ్డా మంచిగున్నరు," అని ఏడ్చేశాడు.

"గీ మాట నీ బుక్కుల ఉన్నదా?"

"లేదమ్మా."

సుగుణమ్మ కొడుకు వైపు తిరిగింది.

"గీయనకు తెలుగొచ్చింది. ఆ కాగితం చింపు."