సూది తాత కారు వేడెక్కిన రోజు

వీధిలో అందరూ ఆయన్ని సూది తాత అంటారు. ఇంజెక్షన్లు వేసేవాడనుకునేరు, అదేం కాదు. ఎండలు మండిపోయే క్వారీ దారుల్లో లారీ నడిపి బతికిన మనిషి. ఇంజను వేడి చూపించే సూది మీదే ఎప్పుడూ ఆయన చూపు. అది కాస్త పైకి జరిగిందా, గుండె గుభేలుమనేది. వయసులో ఉండగా ఒకసారి లోడు మీద ఇంజను వేడెక్కి పట్టేసి నానా మాటలూ పడ్డాడు. అప్పట్నుంచీ ఏ బండి చేతికొచ్చినా ముందుగా థర్మోస్టాట్ పీకేసేవాడు. ఇంజను వేడెక్కేదాకా దాన్ని చల్లబరిచే కూలెంట్‌ని రేడియేటర్‌లోకి పోనివ్వకుండా ఆపే చిన్న మూత అది. "ఇంజను గొంతులో బిరడా దేనికిరా?" అనేవాడు. ఒకరు చెబితే వినే రకమా!

లారీ మానేసి, మొన్న వేసవిలో కొండమీది ఊళ్ళో ఉన్న కూతురి దగ్గరికి వచ్చాడు. వచ్చీ రాగానే ఆమె కారుకీ అదే వైద్యం చేశాడు. ఆమెకి మాట మాత్రమైనా చెప్పలేదు.

చలికాలం వచ్చింది. కూతురికి నెలలు నిండకుండానే కాన్పయింది. బిడ్డ పిడికెడంత ఉన్నాడు. ఊళ్ళో చిన్న ఆసుపత్రిలో వెచ్చగా పెట్టే పెట్టె లేదు, అంబులెన్సు వేరే రోగితో వెళ్ళిపోయింది. "బిడ్డను గుండెకి ఆనించుకోమ్మా. కారులో హీటర్ వేసుకుని వెంటనే పట్నంలో పెద్దాసుపత్రికి బయల్దేరండి. చల్లబడితే మాత్రం కష్టం," అంది నర్సు. అల్లుడు అప్పటికే పెద్దాసుపత్రిలో ఏర్పాట్లు చూస్తున్నాడు.

ఊరు దాటగానే తాత హీటర్ తిప్పాడు. చల్లగాలి వచ్చింది. వేడెక్కుతుందిలే అనుకున్నాడు. ఎంత దూరం పోయినా అదే చల్లగాలి. సూది అడుగునే పడుకుని ఉంది. బతుకులో మొదటిసారి ఆ సూదిని చూసి ఆయనకి ఏడుపొచ్చింది.

"నాన్నా, వీడి పాదాలు మంచుముక్కల్లా ఉన్నాయి," అంది కూతురు.

రోడ్డు పక్కన మెకానిక్ షెడ్డు కనపడగానే కారు అందులోకి దూర్చాడు. మెకానిక్ లోపల తల్లీబిడ్డల్ని చూసి ఇంకేం అడగలేదు, బానెట్ ఎత్తాడు. కూలెంట్ డబ్బా చూశాడు. గీత దాకా నిండుగానే ఉంది. హీటర్‌కి వెళ్ళే రెండు గొట్టాల్నీ పట్టుకు చూశాడు.

"హీటర్ లోపల అడ్డుపడి ఉంటే ఒక గొట్టం కాలేది, రెండోది చల్లగా ఉండేది. రెండూ ఒకేలా గోరువెచ్చగా ఉన్నాయి. ఇంజనే వేడెక్కట్లేదు బాబాయ్, ఇక హీటర్‌కి వేడి ఎక్కణ్ణుంచి వస్తుంది?"

"పోయిన చలికాలం బాగానే పనిచేసిందన్నా," అంది కూతురు లోపల్నుంచి.

"అయితే థర్మోస్టాట్ తెరుచుకుని ఇరుక్కుపోయుంటుంది. విప్పి చూస్తా." మెకానిక్ స్పానర్ అందుకున్నాడు.

విప్పాలంటే కూలెంట్ దింపాలి. మళ్ళీ పోయాలి, గొట్టాల్లో చేరిన గాలి తియ్యాలి. అంతసేపు ఇంజను ఆగితే ఆ గోరువెచ్చన కూడా పోతుంది.

"విప్పకు నాయనా. అందులో ఏమీ లేదు. నేనే పీకేశాను."

కూతురు కిటికీ అద్దంలోంచి ఆయన్నే చూసింది. తిట్టినా బాగుండేది. తిట్టలేదు, బిడ్డని ఇంకా గట్టిగా హత్తుకుంది.

మెకానిక్ స్పానర్ పక్కన పడేసి, మూలనున్న అట్టపెట్టె చింపాడు. రేడియేటర్ ముందు అట్ట పెట్టి తీగతో కట్టాడు. కింద కాస్త సందు వదిలాడు. "చల్లగాలి తగలకపోతే వేడి నిలుస్తుంది. సూది మాత్రం చూసుకో. ఎర్రగీత దగ్గరికొస్తే అట్ట లాగెయ్. పో బాబాయ్, పో!"

తాత కారు దూకించాడు. "ఎక్కవే తల్లీ, ఎక్కు," అని సూదిని బతిమాలుకున్నాడు. అది కదిలింది. చల్లగాలి కాస్తా గోరువెచ్చనైంది, మెల్లగా వేడైంది. కూతురి పళ్ళ టకటక ఆగింది. సూది సగం దాటేసరికి ఆయన కాలు బ్రేకు వైపు పోబోయింది. పళ్ళు బిగించి ఆపుకున్నాడు.

"పాదాలు ఎలా ఉన్నాయమ్మా?"

కూతురు ఆ పాదాల్ని అరచేతుల్లో మూసి పట్టుకుంది.

పెద్దాసుపత్రి గుమ్మంలో అల్లుడు బిడ్డను అందుకుని లోపలికి పరుగెత్తాడు. తల్లిని చక్రాల కుర్చీలో తీసుకెళ్ళారు. తాత మాత్రం కారు దిగలేదు, ఇంజను ఆపలేదు. వాచ్‌మన్ వచ్చి కసురుకున్నా ఆపలేదు. బిడ్డను వెనక్కి పంపేస్తే? మళ్ళీ ఎక్కడికైనా తీసుకుపొమ్మంటే? హీటర్ పూర్తిగా పెట్టి, వెనక సీటు మీద చెయ్యి ఆనించి కూర్చున్నాడు.

చాలాసేపటికి అల్లుడు వచ్చి అద్దం తట్టాడు.

"మామయ్యా, ఇక ఆపెయ్యండి. పెట్టెలో పెట్టారు. ఇప్పుడిప్పుడే వేడి పుంజుకుంటున్నాడట."

తాత తాళం తిప్పబోయాడు. చెయ్యి మళ్ళీ హీటర్ మీదికే పోయింది. అల్లుడే తలుపు తీసి, చెయ్యి లోపలికి పెట్టి ఇంజను ఆపాడు.