నాలుగున్నర సిగ్మా

లాడ్ బజార్ వెనక సందులో, గాజుల దుకాణం పైన మా మందుల హోల్‌సేల్ గోడౌన్ ఉండేది. పాతబస్తీ మెడికల్ షాపులకు నెలకు పదిహేను వందల బిల్లులు అక్కడే కొట్టేవాళ్ళం. నేను క్వాలిటీ లెక్కలు చూసేవాణ్ణి. నాకు చదువు గర్వం ఎక్కువ, లోకజ్ఞానం తక్కువ.

కొట్టిన ప్రతి బిల్లూ చాచా బల్ల మీదికి వచ్చేది. అరవై దాటిన మనిషి, అందరం చాచా అనే పిలిచేవాళ్ళం; బిల్లులు సరిచూడటమే ఆయన పని. ప్యాకింగ్ చేసేవాడు పెట్టె మీది బ్యాచ్ నంబరు పైకి చదివితే, చాచా బిల్లులో చూసి "సహీ" అనేవాడు. తేడా వస్తే బిల్లు మళ్ళీ కొట్టించి, ఆ తప్పును తన నోటుబుక్కులో రాసుకునేవాడు.

"రోజంతా ఈ పారాయణం ఏంటి చాచా?" అని ఒకసారి ఆటపట్టించాను.

ఆయన నవ్వలేదు. "మందు ఖరాబైతే కంపెనీ వాపస్ అడుగుతది బేటా. నంబర్ తప్పు పడ్డదనుకో, గా మందు ఎవరింట్ల ఉన్నదో ఖుదాకే ఎరుక."

ఆ మాట విన్నాను కానీ మనసులో పెట్టుకోలేదు. మా మేనేజరు గుంటూరు నుంచి వచ్చినాయన, కొత్తగా సిగ్మా శిక్షణకు వెళ్ళొచ్చాడు. సిగ్మా అంటే పనిలో తప్పులు ఎంత తక్కువో చెప్పే కొలత, అంకె పెరిగితే తప్పులు తగ్గినట్టు. మా బిల్లింగ్ సిగ్మా ఎంతో తేల్చమన్నాడు. ఒక్కో బిల్లులో తప్పు పడగల చోట్లు పది అనుకున్నాం: షాపు పేరు, మందు, బ్యాచ్ నంబరు, ధర, అలా. నెలకు పదిహేను వేల అవకాశాలు. చాచా నోటుబుక్కులో తప్పులు తొంభై మూడు. అంటే పది లక్షల అవకాశాలకు ఆరు వేల రెండు వందలు. పట్టికలో చూస్తే నాలుగు సిగ్మా.

"నాలుగంటే బాగానే ఉన్నామయ్యా! ఇంకా రెండో మనిషి చూడటం దేనికి?" అన్నాడు మేనేజరు.

సగానికి పైగా తప్పులు బ్యాచ్ నంబర్లోనే ఉన్నాయని నాకు తెలుసు. పేరులో ఒక అక్షరం పోయినా, బ్యాచ్‌లో ఒక అంకె మారినా ఆ లెక్కకు రెండూ ఒకటేనని కూడా తెలుసు. "సార్, ఆ తప్పులు పట్టింది చాచానే కదా" అని మాత్రం గొణిగాను. ఆయన వినలేదు. నేను రెండోసారి చెప్పలేదు. అంత పిరికివాణ్ణి.

మేనేజరు పని మానిపించడంతో, చాచా తన కళ్ళజోడు, నోటుబుక్కు సంచిలో పెట్టుకుని మెట్లు దిగిపోయాడు. ఆ తర్వాత గోడౌన్లో ఎవరూ నంబర్లు పైకి చదవలేదు. ఆ నిశ్శబ్దానికి నాకు మొదటి రోజే భయమేసింది.

మరుసటి నెల తప్పులు ఇరవై ఒకటికి పడిపోయాయి. ఎందుకు పడవు? షాపులవాళ్ళు ఫోన్ చేసి తిట్టినవే ఇప్పుడు మాకు తప్పులు. ధర ఎక్కువ పడితే ఫోన్ చేస్తారు. బ్యాచ్ నంబరు చూసి ఎవరు ఫోన్ చేస్తారు? పది లక్షలకు పద్నాలుగు వందలు, దాదాపు నాలుగున్నర సిగ్మా. మేనేజరు మిఠాయి తెప్పించాడు. నేనూ తిన్నాను.

ఆ వారమే కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. కంట్లో వేసే చుక్కల మందు ఒక బ్యాచ్‌లో క్రిములున్నాయట, వెంటనే వెనక్కి తెప్పించమన్నారు. ఆ బ్యాచ్ మాకు నలభై పెట్టెలు వచ్చాయి. బిల్లుల ప్రకారం ముప్ఫై ఒక్క పెట్టెలు ఎక్కడున్నాయో తెలిసింది, అన్నీ దొరికాయి. తొమ్మిది పెట్టెలు ర్యాకులో లేవు, ఏ బిల్లులోనూ లేవు.

చుక్కల మందు కొన్న ప్రతి షాపుకూ ఫోన్ చేసి, పెట్టె చేతిలో పట్టుకుని నంబరు చదవమన్నాను. వాళ్ళు చదువుతుంటే నేను బిల్లులో చూసుకున్నాను. మూడు బిల్లుల్లో వేరే నంబరు పడి ఉంది. ఏడు పెట్టెలు దొరికాయి. మిగిలిన రెండూ మాదన్నపేట కూరగాయల మార్కెట్ దగ్గర షాపుకు వెళ్ళాయి; అక్కడ ఆ నంబరున్న ఖాళీ అట్టపెట్టెలే మిగిలాయి.

"అయిపోయినయ్ అన్నా," అన్నాడు షాపతను. "ఇరవై సీసాలు. కంటి ఆపరేషన్ అయినోళ్ళు మస్తు మంది తీస్కపోయిన్రు. పేర్లు ఎవరు రాస్కుంటరు?"

ఆ చుక్కలు వాడొద్దు, తెచ్చివ్వండి అని రాసి ఆ షాపు తలుపు మీద కాగితం అంటించి వచ్చాను. చుట్టుపక్కల సందుల్లో తిరిగి అడిగాను. ఆరు సీసాలు చేతికి వచ్చాయి.

సాయంత్రం మేనేజరు నా బల్ల దగ్గరికి వచ్చాడు. "ఈ మూడు బిల్లుల తప్పులూ కలిపితే సిగ్మా ఎంత వస్తుంది?" అన్నాడు.

మూడు తప్పులు కలిపాను. ఇరవై నాలుగు. నాలుగు పాయింట్ నాలుగు తొమ్మిది కాస్తా నాలుగు పాయింట్ నాలుగు అయిదు అయింది.

"అంతేనా?" అన్నాడు.

"అంతే సార్" అన్నాను. దొరకని పద్నాలుగు సీసాల చుక్కలు ఇంకా ఎవరి కళ్ళలోనో పడుతూనే ఉన్నాయి.