నోటీసులో మూడు పక్షాలు

మా కుట్టు కార్మికుల సంఘం గదిలో ప్రూఫుల పిన్ని కుర్చీకి ఒక కాలు పొట్టి. దాని కింద నిఘంటువు పెడదామన్నవాడితో ఆమె వారం రోజులు మాట్లాడలేదు. అచ్చాఫీసులో ఇరవై రెండేళ్ళు ఊరందరి తప్పులూ దిద్ది, చూపు మందగించాక ఇక్కడికొచ్చి కూర్చుంది. జీతం లేదు, తీరికా లేదు.

పదహారో తేదీ మధ్యాహ్నం కాజాలు కుట్టే అమ్మాయి ఫ్యాక్టరీ నోటీసు తెచ్చింది. ఆడవాళ్ళ మరుగుదొడ్డికి తాళమెందుకని, తాళంచెవి ఇమ్మని అడుగుతూ పది నిమిషాలు మిషను ఆపింది. అదీ ఆమె నేరం. వెంట సలహాదారుగా, బట్ట కోసే కత్తెర మామ.

నోటీసు ఇలా ఉంది: ‘ఇది అందిన పక్షం లోగా సంజాయిషీ ఇవ్వని పక్షంలో, మీ పక్షాన చెప్పుకునేదేమీ లేదని భావించి పనిలోంచి తొలగిస్తాం.’

“నేను నిఘంటువు చూసేశాలే,” అన్నాడు మామ. “పక్షానికి ఒకటో అర్థం రెక్క. అది కుదరలేదు. మూడోది వైపు. అంటే, యజమాని వైపుకొచ్చి బతిమాలుకోమని. వచ్చే నెల జీతాల రోజున వెళ్తే మేనేజరు కాస్త నవ్వుతూ ఉంటాడు.”

“మధ్యలో రెండోది ఏం పాపం చేసింది మామా?” పిన్ని నిఘంటువు తెరిచి అమ్మాయి ముందుకు జరిపింది. “ ఆ అంకెలు వరుసకి, మార్కులకి కాదు. అన్నీ చదవాలి. ఒక్కోదాన్నీ వాక్యంలో పెట్టి, పక్క మాటతో పొసగుతుందో లేదో చూడాలి. నువ్వు పెట్టమ్మా.”

“రెక్క లోగా… వైపు లోగా… పదిహేను రోజుల లోగా.” అమ్మాయి ఆగిపోయింది. “లోగా అంటే గడువే కదా పిన్నీ.”

“నోటీసు ఎప్పుడందింది?”

“రెండో తారీఖు.”

“అయితే రేపే ఆఖరు.”

మామ గొంతు సవరించుకున్నాడు. “మరి రెండో పక్షం కూడా పదిహేను రోజులేగా? ఒకే మాట, ఒకే వాక్యం.”

“పెట్టి చూడు.”

“ఇవ్వని పదిహేను రోజుల్లో…” నాలుక కరుచుకున్నాడు.

పిన్ని వేలు ఐదో అంకె మీదికి జరిగింది. అక్కడ ‘వచ్చిన, ఇవ్వని వంటి మాటల తరువాత: అయితే, ఆ సందర్భంలో’ అని ఉంది. “ఇవ్వకపోతే అని. ఇక ‘మీ పక్షాన’ అంటే నీ మూడోదే మామా, ‘మీ వైపు నుంచి’ అని. నీ కష్టం ఊరికే పోలేదు.”

‘పదిహేను రోజుల్లో జవాబివ్వండి’ అని రాస్తే వాళ్ళ కలం అరిగిపోదు. అర్థం కాని మాట కూడా ఒక తాళమే. దాన్ని వేసేవాళ్ళకి ఆ సంగతి తెలుసు.

ఆ పూటే జవాబు రాశారు. ‘తాళం ఉంది, తాళంచెవి అడిగాను’ అని రెండే ముక్కలు. కింద నలభై ఒక్కమంది ఆడవాళ్ళు సాక్షి సంతకాలు చేశారు.

మర్నాడు మేనేజరు కాగితం తిరగేసి చూశాడు. “నీకు పక్షమంటే తెలుసా అసలు?”

“ఎన్నో అంకెది సార్?” అంది అమ్మాయి.

అతను అందినట్టు ముద్ర వేసి నకలు ఆమె చేతికిచ్చాడు.