గుడ్‌విల్ లెక్క మీద అతికించిన చీటీ

ఆ మెయిల్ వచ్చిన పొద్దున నేను పెనుకొండ స్టేషన్లో ధర్మవరం పోయే రైలు కోసం నిలబడి ఉన్నాను. పంపింది ధర్మవరం కాలేజీలో నా దగ్గర బీకాం రెండో సంవత్సరం చదివే అమ్మాయి. పైన ‘చిన్న డౌట్ మేడం’ అని పెట్టింది. చిన్న డౌట్ అని మొదలయ్యేది ఏదీ చిన్నగా ఉండదని ఇన్నేళ్ళ పాఠాల్లో నాకు బాగానే తెలిసింది. మెటీరియల్ పుస్తకంలో గుడ్‌విల్ చాప్టరు కింద చేసి చూపించిన నాలుగో లెక్కలో తప్పున్నట్టు తనకు అనిపిస్తోందట. పొరపాటు తన ఆలోచనలోనే ఉంటే అదెక్కడుందో చెప్పమని అడిగింది.

నాకు ఒళ్ళు మండింది. అబద్ధం చెప్పను, మొదట మండింది ఆ పిల్ల మీదే. ఆ లెక్క నేను ఎన్నిసార్లు బోర్డు మీద చేశానో నాకే గుర్తులేదు. నిన్నగాక మొన్న డెబిట్, క్రెడిట్ నేర్చుకున్న పిల్ల నా లెక్కలో తప్పు పడుతుందా అనుకుంటూ ఫోన్ బ్యాగులో పడేశాను. రైలెక్కి కూర్చున్నాక మళ్ళీ తీశాను.

ఇక్కడ ఆ పుస్తకం సంగతి చెప్పాలి. మా కాలేజీకి హిందూపురంలో ఒక శాఖ, ధర్మవరంలో ఒక శాఖ. రెండింటికీ ఒకే డైరెక్టరు. నేను పర్మనెంటు కాదు. వారంలో మూడు రోజులు ఆడ, మూడు రోజులు ఈడ పాఠం చెప్పేదాన్ని, మధ్యలో పెనుకొండలో మా అమ్మతో కాపురం. ప్రతి జూన్‌లోనూ ఒక కాగితం ఇస్తారు, దాంతో ఇంకో ఏడాది ఉద్యోగం ఉన్నట్టు. కామర్సు మెటీరియల్ పుస్తకం అట్ట మీద డైరెక్టరుగారి పేరు, దాని కింద ఆయన డిగ్రీలు ఉండేవి. లోపలి లెక్కలన్నీ నావి. మొదటి ఏడు కొంచెం సాయం చెయ్యమ్మా అన్నాడు. రెండో ఏటికి అది నా డ్యూటీ అయిపోయింది. స్టాఫ్ రూములో అందరికీ తెలుసు, ఎవరూ నోరెత్తరు. నేనూ ఎత్తలేదు. జూన్ కాగితం ఆయన చేతిలో ఉంది మరి.

పైగా ఏటా ‘కొత్త ఎడిషన్’ వెయ్యాలి. సీనియర్ల పుస్తకాలు జూనియర్లకు పనికొస్తే కొత్తవి ఎవరు కొంటారు? అందుకని లెక్కల్లో అంకెలు మార్చడం, భాగస్తుల పేర్లు మార్చడం, సంవత్సరాలు అటూ ఇటూ జరపడం నా పని. ఆ పని నేను రైల్లోనే చేసేదాన్ని, ఒళ్ళో అట్ట పెట్టుకుని.

లెక్క కష్టమైనదేం కాదు. వ్యాపారానికున్న మంచిపేరుకు వెల కట్టడమే గుడ్‌విల్. గడిచిన కొన్నేళ్ళ లాభాలకు సగటు తీసి, ఆ సగటుకు ఇన్నింతలు అని కడతారు. నా లెక్కలో మూడేళ్ళ లాభాలు వరసగా అరవై వేలు, డెబ్బై ఐదు వేలు, తొంభై వేలు. రెండో ఏడు చివర్లో మిగిలిన సరుకు విలువను పొరపాటున ఆరు వేలు ఎక్కువ వేశారు. గుడ్‌విల్ సగటు లాభానికి రెండింతలు. నేను రెండో ఏడు లాభంలోంచి ఆరు వేలు తీసేసి అరవై తొమ్మిది చేశాను. మూడో ఏటిని ముట్టుకోలేదు. సగటు డెబ్బై మూడు వేలు, గుడ్‌విల్ లక్షా నలభై ఆరు వేలు.

ఆ అమ్మాయిది నల్లమాడ దగ్గర పల్లె. తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి రాసిన ఆ మెయిల్లో ఒక ముక్క నాకు ఇప్పటికీ నోటికి వచ్చు.

“మా నాయన గొర్రెలు మేపుతాడు మేడం. సాయంత్రం దొడ్లోకి తోలేటప్పుడు పొరపాటున రెండు ఎక్కువ లెక్కపెట్టినాడంటే ఆ పొద్దు మంద పెరిగినట్టుంటాది. మర్సటి రోజు సాయంత్రం సరిగ్గా లెక్కపెడితే రెండు పోయినట్టుంటాది. నిజానికి పెరిగిందీ లేదు, పోయిందీ లేదు. మనం మొదటి రోజుది మాత్రమే సరిచేసినాము కదా మేడం?”

రెండో ఏడు చివరి సరుకే మూడో ఏడు మొదటి సరుకు. అది ఆరు వేలు ఎక్కువైతే మూడో ఏడు లాభం ఆరు వేలు తక్కువ కనబడుతుంది. దాన్ని తిరిగి కలపాలి. అప్పుడు మూడో ఏడు తొంభై ఆరు, సగటు డెబ్బై ఐదు, గుడ్‌విల్ లక్షన్నర. టికెట్టు వెనకాల రెండుసార్లు చేసి చూశాను. రెండుసార్లూ లక్షన్నరే వచ్చింది. ఎంత మొండిదాన్నైనా అంకెలతో ఎంతసేపని కొట్లాడతాను?

అప్పుడు గుర్తొచ్చింది. అంతకుముందు ఎడిషన్లో ఆ సరుకు పొరపాటు మూడో ఏడు చివర్లో ఉండేది. ఆ తర్వాతి ఏడు లెక్కలోనే లేదు కాబట్టి ఒక్క సవరణతో సరిపోయేది. కొత్త ఎడిషన్ కోసమని పొరపాటును రెండో ఏటికి జరిపి, కింది జవాబులో అంకెలు మాత్రం మార్చి వదిలేశాను. అదీ ఇదే రైల్లోనే. బోర్డు మీద ఎన్నిసార్లు చేసినా చేతికి అలవాటైన పాత దారిలోనే చేశాను.

ఇంకో సంగతి దానికంటే ఎక్కువ కుట్టింది. మా దగ్గర మిడ్ పరీక్షకు ప్రశ్న ఆ పుస్తకంలోంచే వస్తుంది, దిద్దేది ఆ పుస్తకం జవాబు చూసే. పది రోజుల ముందు జరిగిన మిడ్‌లో ఈ లెక్కే వచ్చింది. లక్షన్నర అని రాసిన పేపరు ఒకటి నా చేతికి వచ్చింది. ఎవరిదని కూడా చూడకుండా ఎర్ర పెన్నుతో జవాబు కొట్టేసి, పదికి రెండు మార్కులు పడేశాను. ఫోన్లో మార్కుల లిస్టు తీసి చూస్తే, అది ఈ పిల్లదే. మెయిల్లో ఆ మార్కుల మాటే ఎత్తలేదు. సిగ్గేసింది నాకు, నిజంగా సిగ్గేసింది.

ధర్మవరంలో క్లాసులోకి పోగానే పుస్తకం నాలుగో లెక్క తియ్యమన్నాను. బోర్డు మీద మొదటి నుంచి చేసి, తప్పు నాదని, కనిపెట్టింది ఫలానా అమ్మాయని చెప్పాను. పుస్తకంలో ఉన్నట్టు నేర్చుకుని రాసినవాళ్ళ మార్కులు పోవు, వాళ్ళను తప్పుదారి పట్టించింది మేమే గనక. ఈ అమ్మాయికి పదికి పది అన్నాను. ఆ పిల్ల తల వంచుకునే కూర్చుంది గానీ పక్కనున్న పిల్లలు దాన్ని మోచేత్తో పొడుస్తూనే ఉన్నారు.

మర్నాడు హిందూపురం పోయేసరికి కబురు నాకంటే ముందే చేరింది. డైరెక్టరుగారు గదిలోకి పిలిచి కూర్చోమన్నాడు. కోప్పడలేదు, అదే నాకు అనుమానం తెప్పించింది. ఆ పిల్లకు ఎనిమిది మార్కులు కలిపితే మంచిదే, ఎవరు వద్దన్నారు అన్నాడు. కానీ ఐదొందల పుస్తకాలు రెండూళ్ళలోనూ పిల్లల చేతుల్లో ఉన్నాయి, అట్ట మీద తన పేరుంది, పక్క కాలేజీవాళ్ళు నవ్వరా అన్నాడు. హిందూపురంలో ఈ మాట ఎత్తద్దట. ధర్మవరంలో మాత్రం ఇంకో మాట చెప్పాలట.

“రెండు మెథడ్లూ కరెక్టేనని చెప్పేయమ్మా. పిల్లోళ్ళకేం తెలుస్తాది?”

“ఒక మెథడ్డే ఉండాది సార్. రెండోది నా తప్పు.”

యూనివర్సిటీ పేపరు దిద్దేవాళ్ళు మన పుస్తకం పెట్టుకుని దిద్దరని, ఇలాంటి లెక్క వస్తే రెండూళ్ళ పిల్లలూ మునుగుతారని చెప్పాను. ప్రతి పుస్తకంలోనూ ఆ పేజీ మీద సవరణ చీటీ అతికించాలన్నాను. ఆయన, సరే, చీటీ వేద్దాం, కానీ తప్పు ఎవరిదో దాంట్లోనే పడాలి, తన పేరున్న పుస్తకానికి ఇంకొకరి తప్పు అంటుకోకూడదు అన్నాడు. ఆ చీటీ కాపీ ఒకటి నా ఫైల్లో ఉంటుందని, జూన్‌లో కాగితాలు ఇచ్చే ముందు కాలేజీ కమిటీ దాన్ని చూస్తుందని కూడా చెప్పాడు. నేను భయపడి వెనక్కి తగ్గుతానని ఆయన లెక్క.

భయం వెయ్యలేదంటే నమ్మకండి. అమ్మ మందులు, ఇంటి బాడుగ, అన్నీ ఆ జూన్ కాగితం మీదే నడుస్తాయి. కానీ గొర్రెలు కాసే మనిషి కూతురు, ఇంటర్నల్ మార్కులు నా చేతిలో ఉన్నాయని తెలిసి కూడా, మీ లెక్క తప్పేమో చూడండి మేడం అని నాకే రాసింది. నేనేమో జీతానికి భయపడి ఆ పిల్ల ముందు నిలబడి రెండూ కరెక్టే అని చెప్పాలా? నా పేరు వెయ్యండి సార్, స్పెల్లింగు తప్పు లేకుండా వెయ్యమనండి అని లేచి వచ్చేశాను.

జూన్‌లో ఏమైందో ఇక్కడే చెప్పేస్తాను. హిందూపురం క్లాసులు ఉంచారు, ధర్మవరంవి తీసేశారు. జీతం సగమైంది. సాయంత్రాలు ట్యూషన్లు పెట్టుకున్నాను. దాని గురించి ఎవరి దగ్గరా ఏడవలేదు, ఇప్పుడూ ఏడవను. ఈ సంగతిని అక్కడ ముగించడం నాకిష్టం లేదు, అందుకే ముందే చెప్పాను.

జూన్‌కు ఇంకా ముందే చీటీలు ధర్మవరంలో పట్టుచీరల పెట్టెలకు లేబుళ్ళు వేసే ప్రెస్సులో కొట్టించారు. అందుకేనేమో కాగితం మంచి మెరుపుగా, మా పుస్తకం కాగితం కంటే దిట్టంగా ఉంది. సరిచేసిన లెక్క పైన, దాని కింద డైరెక్టరుగారు స్వయంగా రాసిచ్చిన వాక్యం: ‘ఈ పుస్తకంలోని లెక్కలు తయారుచేసిన’ అని, నా పూర్తి పేరు, హోదా, ‘వారి పొరపాటు వల్ల జరిగిన తప్పు’ అని. తప్పంతా నా నెత్తిన పడాలన్న తొందరలో ఆయన ఏం రాశాడో ఆయనే చూసుకోలేదు.

గమ్ము డబ్బా తీసుకుని ధర్మవరం క్లాసులోకి పోయాను. పిల్లలు బెంచీల మీద పుస్తకాలు తెరిచి వరసగా అతికిస్తున్నారు. ఆ అమ్మాయి మాత్రం చీటీ చేతిలో పట్టుకుని ఒకసారి చదివింది, పుస్తకం మూసి అట్ట చూసింది, మళ్ళీ చీటీ చదివింది. తర్వాత లేచి నిలబడింది.

“మేడం, అయితే ఈ బుక్కంతా మీరు రాసిండేదేనా?”

క్లాసంతా చేతులాపి నా వైపు చూసింది. ఆరేళ్ళుగా ఎవరూ నన్ను అడగని ప్రశ్న అది.

“అంతా నేనే రాసినాను,” అన్నాను. “ఇంకా యాడన్నా తప్పులుంటే అవీ నావే. చూసి చెప్పండి.”

తనకు గమ్ము అందించాను. నాలుగో లెక్క మీద చీటీ పెట్టి, నా పేరు నలగకుండా అంచుల వెంబడి వేలితో నొక్కి అతికించింది.