‘ఎప్పటిలాగే’ అని రాసిన మెయిల్

పత్రికలో ముప్పై ఏళ్లు ఇతరుల వాక్యాలు దిద్దాను. మా డెస్కు మూతపడ్డాక తుర్కపల్లిలోని ఒక చిన్న ల్యాబులో పని దొరికింది. మందుల కంపెనీలు పంపే నమూనాలను పరీక్షించి రిపోర్టులివ్వడం ఆ ల్యాబు వ్యాపారం. రిపోర్టుల ఇంగ్లీషు, బయటికి వెళ్లే ఉత్తరాలు సరిచూడటం నా వంతు. పొద్దున నాగారంలో కంపెనీ క్యాబు ఎక్కేవాణ్ని. శామీర్‌పేట దగ్గర అకౌంట్స్ అమ్మాయి ఎక్కేది. వాళ్ల నాయిన చెరువులో చేపలు పడతాడు. ఆ కుటుంబంలో కంప్యూటరు ముందు కూర్చుని జీతం తెచ్చుకునే మొదటి మనిషి ఆమే. కాంట్రాక్టు మీద చేరి రెండేళ్లయింది. నెలాఖరుకు దాన్ని పొడిగించాలి. పర్మనెంట్ చేస్తారని ఆశ పెట్టుకుంది.

ఆ నెలలోనే ల్యాబులో పెద్ద యంత్రం ఆగిపోయింది. మందులో మలినాలు ఎంతున్నాయో చెప్పే యంత్రమది. దాని విడిభాగం జర్మనీ నుంచి రావాలి. ధర నాలుగు వేల ఎనిమిది వందల అరవై యూరోలు, ముందే కట్టాలి. డబ్బు పంపమని బ్యాంకుకు మెయిల్ వెళ్లింది. నాలుగు రోజులకు జర్మనీ నుంచి జవాబు: అరవై ఏడు యూరోలు తక్కువ చేరాయి, పూర్తి మొత్తం అందితే గానీ సరుకు కదలదు. నమూనాలు ఫ్రిజ్‌లో ఉండిపోయాయి, కంపెనీల నుంచి ఫోన్లు మొదలయ్యాయి.

మా డైరెక్టరు మంచి చదువున్న మనిషి, గొంతు పెంచడు. ఆ రోజు కూడా పెంచలేదు. అకౌంట్స్ అమ్మాయిని నిలబెట్టి, “రెండేళ్ల నుంచి చేస్తున్నావు కదమ్మా, ఒక్క మెయిల్ సరిగా పంపలేవా?” అన్నాడు. తర్వాత నన్ను పిలిచి, మిగతా అరవై ఏడు యూరోలకు పంపే మెయిలైనా తప్పు లేకుండా రాయించమన్నాడు. మళ్లీ తగ్గితే ఆ అమ్మాయి విషయం ఆలోచించాల్సి వస్తుందని కూడా అన్నాడు.

పాత మెయిల్ ముందు పెట్టుకుని ఇద్దరం కూర్చున్నాం. మా ల్యాబులో ఒక అలవాటుండేది. కొత్తగా ఏదీ రాయరు, పోయినసారి పంపిన మెయిల్‌కే జవాబు కొట్టి, పేరూ అంకే మార్చి పంపేస్తారు. చివర ‘చార్జీలు ఎప్పటిలాగే’ అని ఉంటుంది. ఎప్పటిలాగే అంటే ఏమిటని అడిగాను.

“బ్యాంకు మేడంకు తెల్సు సార్. మెయిల్ కొట్టినంక నేనే ఫోన్ జేస్తుంటి. ఎవరి చార్జీలు ఎవరి మీద, ఎన్ని పంపాలె, అన్నీ నోటితోనే చెప్తుంటి.”

“ఇప్పుడు చెప్పలేదా?”

“ఆ మేడం ట్రాన్స్‌ఫర్ అయింది సార్. కొత్తాయన ఫోన్ ఎత్తడు, మెయిల్ల రాయి అంటడు.”

అదీ సంగతి. మా ఖాతా మేడ్చల్‌లో. మెయిల్ అక్కడి నుంచి నగరంలో విదేశీ చెల్లింపుల విభాగానికి వెళుతుంది. అక్కడ చదివే మనిషి మమ్మల్ని ఎన్నడూ చూడలేదు. చార్జీల సంగతి తేల్చి చెప్పకపోతే ‘ఎస్-హెచ్-ఎ’ అని నింపుతాడు. అంటే ఇక్కడి ఖర్చు మాది, అక్కడి ఖర్చు పుచ్చుకునేవాళ్లది. దారిలో ఉన్న ఇంకో బ్యాంకు తన కూలి ఆ డబ్బులోంచే కోసుకోవచ్చు. అలా ఇరవై ఐదు యూరోలు పోయాయి.

మిగతా నలభై రెండు ఎలా పోయాయో మెయిల్‌లోనే కనిపించింది. యూరోల అంకె పక్కన రూపాయల్లో నాలుగు లక్షల ఎనభై ఆరు వేలని ఇంకో అంకె ఉంది. యూరో వంద రూపాయలని ఉజ్జాయింపుగా లెక్కేసిన అంకె అది. ఆ రోజు ధర వంద దాటింది. బ్యాంకాయన రూపాయల అంకెనే పట్టుకుని, దానికి వచ్చినన్ని యూరోలు పంపాడు. ఆయన్ను తప్పుపట్టడానికి లేదు. రెండు అంకెలిచ్చి ఏది ఖాయమో చెప్పకపోతే చదివేవాడు ఏదో ఒకటి ఎంచుకుంటాడు.

ఈ అంకె నువ్వే వేశావా అని అడిగాను. ఆమె ఇంకో మెయిల్ తెరిచి చూపించింది. ఆమె రాసిన చిత్తులో యూరోలే ఉన్నాయి. రూపాయల అంకె డైరెక్టరు చేర్చింది, ‘ఇది కూడా పెట్టు’ అని ఒక్క వాక్యంతో.

“చెప్పకపోయావా?”

“చెప్తే ఏమైతది సార్? డైరెక్టర్ సార్ తప్పు అయితదా?” అని నవ్వింది.

కొత్త మెయిల్‌కు రెండు గంటలు పట్టింది. నేను ఏమీ తెలియనివాడిలా అడుగుతూ పోయాను, ఆమె చెబుతూ పోయింది. ఒక్కో విషయానికి ఒక్కో వరుస. సొమ్ము తీయాల్సిన మా ఖాతా. పుచ్చుకునేవారి పేరు, బోర్డు మీది పేరు కాదు, వాళ్ల ఖాతాకున్న పేరు. చిరునామా, ఖాతా సంఖ్య, వాళ్ల బ్యాంకు కోడ్. ఎన్ని యూరోలో, అంకెల్లోనూ అక్షరాల్లోనూ. సరిగ్గా ఇన్ని యూరోలే వెళ్లాలి, రూపాయలు ఆ రోజు ధరకు మా ఖాతాలో తీసుకోండి అని. రూపాయల అంకె ఎక్కడా లేదు. చార్జీలు ‘ఓ-యు-ఆర్’, అంటే దారిలోని బ్యాంకులతో సహా అన్నీ మావే, ఏ ఖాతా నుంచి తీసుకోవాలో దాని సంఖ్యతో. సరుకు దిగుమతికి ముందస్తు చెల్లింపు అన్న కారణం, దాని కోడ్, ఇన్వాయిస్ సంఖ్య. సొమ్ము పంపాక, బ్యాంకు అవతలి బ్యాంకుకు పంపిన సందేశం నకలు ఇవ్వమన్న కోరిక. అన్నీ ఆమె తలలోనే ఉన్నాయి. నేను కాగితం మీద పెట్టాను, అంతే.

అరవై ఏడు యూరోలూ పూర్తిగా చేరాయి. పంపినందుకు బ్యాంకు తీసుకున్న చార్జీలు, పంపిన సొమ్ములో సగం దాకా అయ్యాయి. విడిభాగం వచ్చింది, యంత్రం కదిలింది.

డైరెక్టరు సంతోషించాడు. మీటింగులో మెయిల్‌ను తెర మీద చూపించి మెచ్చుకున్నాడు. రూపాయల అంకె సంగతి చెప్పాలనుకుంటూనే కూర్చున్నాను. పత్రికలో తప్పు అచ్చయితే ప్రూఫులు చూసినవాడి మీదికి పోయేది, శీర్షిక మార్చిన ఎడిటరు పేరు ఎవరూ ఎత్తేవారు కాదు. అప్పుడూ నేను ఇలాగే కూర్చునేవాణ్ని. “ఇది అందరికీ అర్థమయ్యేలా ఉంది. ఖాళీలు పెట్టి ఫారం చేయండి. ఇక ఎవరైనా పంపొచ్చు,” అన్నాడు డైరెక్టరు. నేనే చేసి ఇచ్చాను.

నెలాఖరుకు ఆమె కాంట్రాక్టు పొడిగించలేదు. తప్పుచేసినందుకు కాదని చెప్పారట. పని తగ్గిందని, చెల్లింపులు ఇక స్టోర్స్ చూసే ఆయనే ఫారం నింపి పంపుతాడని చెప్పారట.

చివరి రోజు సాయంత్రం క్యాబులో నా పక్కనే కూర్చుంది. డైరెక్టరుతో మాట్లాడతానన్నాను. మాట్లాడాల్సిన రోజు దాటిపోయిందని ఇద్దరికీ తెలుసు.

“ఇగ ఎందుకు సార్. మీరు మంచిగనే రాసిన్రు,” అంది. టిఫిన్ డబ్బా సీటు మీద పెట్టి, “నాకు ఎరికున్నది ఒక్కటి గూడ ఇడువలే మీరు,” అంది.

శామీర్‌పేటలో దిగింది. టిఫిన్ డబ్బా సీటులో మర్చిపోతే డ్రైవరు హారన్ కొట్టి అందించాడు. తీసుకుని మా వైపు చూడకుండా వెళ్లిపోయింది.

ఆ తర్వాత వారం స్టోర్స్ ఆయన ఇంకో చెల్లింపుకు ఫారం నింపి, పంపేముందు నాకు చూపించాడు. ప్రతి వరుసా చదివాను. దిద్దడానికి ఏమీ లేదు.